తొమ్మిది వేలు కాదు, ఇరవై ఏడు వేలు ఎందుకు?

"సార్, మాది నర్సంపేటలో చిన్న దుకాణం. మోటార్లు, పైపులు, కరెంటు సామాను అమ్ముతాం. అక్టోబర్‌లో నాలుగు లక్షల సామాను అమ్మితే దానిమీద జీఎస్టీ 72,000 అయింది. నేను కొన్నవాటి బిల్లుల్లో టాక్స్ అంతా కలిపితే 63,000. తేడా 9,000 కడితే చాలు కదా? మా అకౌంటెంట్ మాత్రం 27,000 కట్టాలంటున్నాడు. పైగా సగం సామాను ఉద్దెర పోయింది, పైసలే రాలేదు. 20వ తారీఖు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. బిల్లుల ఫొటోలు పంపుతున్నాను. ఎవరి లెక్క కరెక్టు?"
- ఒక దుకాణదారుడు, నర్సంపేట

అకౌంటెంట్ లెక్కే కరెక్టు. ఆయన మిమ్మల్ని మోసం చేయడం లేదు. అమ్మకాల టాక్స్‌లోంచి కొనుగోళ్ల టాక్స్ తీసేయాలన్న మీ పద్ధతి కూడా సరైనదే. కాకపోతే అక్టోబర్‌కు మీరు తీసేయగలిగింది 63,000 కాదు, 45,000 మాత్రమే. మధ్యలో తగ్గిన 18,000లో 10,800 మీకు తిరిగొచ్చే డబ్బే, ఆలస్యంగా వస్తుంది. మిగిలిన 7,200 మీరు ఊరుకుంటే పోతుంది, కదిలితే దక్కవచ్చు. అందుకే మీ నాలుగు బిల్లులనూ విడివిడిగా చూద్దాం.

మొదటిది హైదరాబాద్ డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిన పైపులు, వైర్ల బిల్లు. సరుకు విలువ 1,50,000, టాక్స్ 27,000. అందులో సగం కేంద్రానికి పోయే సీజీఎస్టీ, సగం రాష్ట్రానికి పోయే ఎస్‌జీఎస్టీ, అంటే 13,500 చొప్పున. రెండోది కోయంబత్తూరు నుంచి వచ్చిన మోటార్ల బిల్లు. లక్ష రూపాయల సరుకు, టాక్స్ 18,000. ఇది వేరే రాష్ట్రం నుంచి వచ్చింది కాబట్టి మొత్తం ఐజీఎస్టీగానే పడింది. బిల్లుమీద అమ్మినవాళ్ల జీఎస్టీ నంబర్ 33తో మొదలైంది, అది తమిళనాడు. మన తెలంగాణ నంబర్లు 36తో మొదలవుతాయి. మూడోది వరంగల్ హోల్‌సేలర్ దగ్గర తెచ్చిన స్విచ్చులు, ఫ్యాన్ల బిల్లు, 60,000 మీద 10,800. నాలుగోది హన్మకొండలో కొన్న కంప్యూటర్, ప్రింటర్, 40,000 మీద 7,200. అన్నీ కలిపితే మీరు చెప్పిన 63,000 సరిగ్గా వస్తుంది. కూడికలో తప్పేమీ లేదు.

తేడా ఎక్కడ వచ్చిందంటే, మీ చేతిలో బిల్లు ఉన్నంత మాత్రాన ఆ టాక్స్‌ను తీసేసుకునే హక్కు రాదు. ఆ బిల్లును అమ్మినవాడు తన రిటర్నులో, అంటే GSTR-1లో ఎక్కించాలి. అప్పుడు అది మీ పేరున GSTR-2B అనే పట్టికలో కనిపిస్తుంది. ఈ పట్టిక ప్రతి నెలా 14న తయారవుతుంది. మీరు 20లోగా వేసే GSTR-3B రిటర్నులో ఆ నెలకు తీసుకోగలిగే క్రెడిట్, అంటే తీసేసుకోగలిగే టాక్స్, ఇందులో కనిపించిన బిల్లులదే. అక్టోబర్ పట్టిక నవంబర్ 14న వచ్చేసింది. అందులో మీ నాలుగు బిల్లుల్లో హైదరాబాద్‌దీ, కోయంబత్తూరుదీ మాత్రమే ఉండి ఉండాలి. 27,000కు 18,000 కలిపితే 45,000. 72,000లోంచి 45,000 పోతే 27,000. మీ అకౌంటెంట్ అంకె వచ్చేసింది కదా, అంటే ఆయన 2B చూసే చెప్పారన్నమాట.

మీలాగే చాలామంది బిల్లుల కట్ట ముందేసుకుని తేడా తీస్తారు. వ్యాట్ రోజుల్లో దుకాణాల్లో అలాగే నడిచింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక కూడా కొన్నాళ్లు అదే అలవాటు సాగింది. 2019 అక్టోబర్‌లో మొదటిసారి ఒక పరిమితి పెట్టారు. సప్లయర్లు ఎక్కించిన క్రెడిట్‌కు మించి 20 శాతం వరకే తీసుకోవచ్చన్నారు. తర్వాత దాన్ని 10 శాతానికి, 5 శాతానికి తగ్గించారు. 2022 జనవరి 1 నుంచి ఆ వెసులుబాటు కూడా లేదు. పట్టికలో ఉంటేనే క్రెడిట్, లేకపోతే లేదు. ఇప్పటికీ పాత లెక్కే మనసులో ఉన్నవాళ్లకు మీకొచ్చిన అనుమానమే వస్తుంది.

ఇప్పుడు వరంగల్ హోల్‌సేలర్ బిల్లు సంగతి. ఆయన మిమ్మల్ని ముంచాడని తొందరపడి అనుకోవద్దు. చిన్న వ్యాపారులకు మూడు నెలలకోసారి రిటర్ను వేసే సౌకర్యం ఉంది. ఏడాదికి ఐదు కోట్ల లోపు టర్నోవర్ ఉంటే అది ఎంచుకోవచ్చు. అలా ఎంచుకున్నవాళ్లు మొదటి రెండు నెలల బిల్లులను తర్వాతి నెల 13వ తారీఖులోగా ఐఎఫ్ఎఫ్ అనే దాంట్లో ఎక్కించవచ్చు, కానీ అది తప్పనిసరి కాదు. ఎక్కించకపోతే ఆ అక్టోబర్ బిల్లు డిసెంబర్ క్వార్టర్ రిటర్నులోనే వస్తుంది. అప్పుడు మీకు అది జనవరి 14న వచ్చే పట్టికలో కనిపిస్తుంది. అంటే మీ 10,800 రెండు నెలలు ఆగుతుంది, పోదు.

ఆయన మూడు నెలలవాడా, నెలనెలావాడా అన్నది మీ ఫోన్‌లోనే తెలుసుకోవచ్చు. gst.gov.in తెరిచి Search Taxpayer నొక్కి, ఆయన బిల్లుమీది నంబర్ కొట్టండి. కింద Show Filing Table అని ఉంటుంది. ఏ నెలకు ఏ రిటర్ను ఎప్పుడు వేశాడో అక్కడ వరసగా కనిపిస్తుంది. ప్రతి నెలా వేసిన తారీఖులుంటే ఆయన నెలవారీ, అప్పుడు మీ బిల్లు ఎక్కించడం మర్చిపోయి ఉంటాడు, లేదా మీ నంబర్ ఒక అక్షరం తప్పు కొట్టి ఉంటాడు. ఒక్క ఫోన్ కాల్‌తో సరిపోతుంది. నవంబర్ రిటర్నులో ఎక్కిస్తే డిసెంబర్ 14 పట్టికలోకి వస్తుంది, డిసెంబర్ 20కి వేసే రిటర్నులో మీరు తీసుకోవచ్చు. నెలల తరబడి రిటర్నులే కనిపించకపోతే మాత్రం జాగ్రత్తపడాలి.

మా అన్నయ్య స్టేషనరీ దుకాణం లెక్కలు చూసిన రోజుల్లో ఇదే మాకు జరిగింది. ఒక సప్లయర్ టాక్స్ వేసి బిల్లులిచ్చాడు, మేం పైసాతో సహా కట్టాం. ఆయన రిటర్నులు వేయడమే మానేశాడు. మేం తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాల్సి వచ్చింది, వడ్డీ కూడా పడింది. ఒకే టాక్స్ రెండుసార్లు కట్టినట్టయింది. అప్పటినుంచి కొత్త సప్లయర్‌తో లావాదేవీ మొదలుపెట్టే ముందు పోర్టల్‌లో ఆయన రిటర్నుల పట్టిక చూడకుండా నేను ఎవరినీ కొననివ్వను. పాత సప్లయర్ అయినా సరే, సరుకు ధర ఇచ్చేసి, టాక్స్ మొత్తాన్ని మాత్రం బిల్లు 2Bలో కనిపించేదాకా ఆపుకోమని చెబుతాను. హోల్‌సేలర్లకు ఈ మాట కొత్తేమీ కాదు, చాలామంది ఒప్పుకుంటారు. అయితే బిల్లు తారీఖు నుంచి 180 రోజుల్లోగా మొత్తం చెల్లించేయాలి. ఆ గడువు దాటితే మీరు తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో తిరిగి కట్టాల్సి వస్తుంది. తర్వాత ఎప్పుడైనా చెల్లిస్తే మళ్లీ తీసుకోవచ్చు కానీ, మధ్యలో వడ్డీ పోతుంది.

కంప్యూటర్ బిల్లు వేరే కథ. ఆ ఫొటో పెద్దది చేసి చూశాను. కస్టమర్ పేరు దగ్గర మీ పేరు ఉంది, ఫోన్ నంబర్ ఉంది. జీఎస్టీ నంబర్ ఉండాల్సిన చోట ఖాళీ. షాపువాళ్లకు మీరు ఒక మామూలు కస్టమర్. వాళ్లు ఆ అమ్మకాన్ని మిగతా చిల్లర అమ్మకాలతో కలిపి మొత్తంగా చూపిస్తారు. అందుకే అది మీ 2Bలోకి ఎన్నటికీ రాదు, జనవరిలో కూడా రాదు. దుకాణం లెక్కలకు వాడే కంప్యూటర్‌మీద క్రెడిట్ తీసుకోవడం చట్టప్రకారం మామూలుగా కుదిరేదే. అదే ఇంట్లోకి ఫ్రిజ్ కొని దుకాణం నంబర్ వేయించుకుంటే, బిల్లు 2Bలోకి వచ్చినా ఆ క్రెడిట్ తీసుకోకూడదు. మీది దానికి తిరగబడిన పరిస్థితి. హక్కు ఉంది, కాగితంలో నంబర్ లేదు. ఒకవేళ బిల్లులో నంబర్ సరిచేయడం కుదరకపోతే, ఆ 7,200ను కంప్యూటర్ ఖరీదులోనే కలిపి ఇన్‌కమ్ టాక్స్‌లో తరుగుదల చూపించమని అకౌంటెంట్‌కు చెప్పండి. కొంతైనా మిగులుతుంది.

ఇక ఉద్దెర. ఇది నాకూ బాధగా అనిపించే విషయం. మీ దగ్గర మోటారు తీసుకెళ్లిన రైతు పత్తి అమ్మాకే ఇస్తానంటాడు, ఇంకొకాయన మిర్చి చేతికొచ్చి ఏనుమాముల మార్కెట్‌లో అమ్మాక అంటాడు. ఇది మన దగ్గర తాతల కాలం నుంచి నడుస్తున్న వ్యాపారం, మానమని నేను చెప్పను. కానీ జీఎస్టీకి డబ్బు వచ్చిన రోజుతో పని లేదు, బిల్లు రాసిన రోజుతోనే పని. 20,000 మోటారు అమ్మితే 3,600 టాక్స్ పడుతుంది. ఆ 23,600లో ఒక్క రూపాయి చేతికి రాకపోయినా 3,600 మాత్రం మరుసటి నెల 20న మీ జేబులోంచి కట్టాలి. అదే మోటారు రైతు వెనక్కి తెచ్చిస్తే క్రెడిట్ నోట్ రాసి టాక్స్ తగ్గించుకోవచ్చు. తెచ్చివ్వకుండా, పైసలూ ఇవ్వకుండా ఎగ్గొడితే మాత్రం కట్టిన టాక్స్ తిరిగి రాదు. మన జీఎస్టీలో మొండిబాకీకి వెసులుబాటు లేదు. అందుకే ఉద్దెర ఇచ్చేటప్పుడు, కనీసం టాక్స్ వరకైనా నగదు తీసుకోండి. "మోటారు పైసలు పత్తికి ఇద్దువు, ఈ మూడువేల ఆరువందలు సర్కారువి, ఇప్పుడే ఇయ్యి" అంటే చాలామంది అర్థం చేసుకుంటారు. మీ అక్టోబర్ అమ్మకాల్లో సగం ఉద్దెర అన్నారు కాబట్టి, 72,000లో దాదాపు 36,000 ఇంకా వసూలు కాలేదు. మీకు 27,000 బరువుగా అనిపించడానికి అసలు కారణం ఇదే అనుకుంటున్నాను.

బిల్లుతోనే పని అన్న ఈ పద్ధతికి రెండో వైపు కూడా ఉంది, అది మీకు అనుకూలమే. మీరు కొన్న సరుకు గోడౌన్‌లో అమ్ముడుపోకుండా ఉన్నా, దానిమీద టాక్స్ అంతా ఆ నెలలోనే తీసేసుకోవచ్చు. అమ్మినదాని వరకే అన్న నియమం లేదు. అందుకే సీజన్‌కు ముందు సరుకు దింపుకున్న నెలలో కట్టాల్సింది తక్కువ వస్తుంది, ఆ సరుకు అమ్ముడయ్యే నెలలో ఎక్కువ వస్తుంది. నెలనెలా కట్టే టాక్స్ చూసి లాభనష్టాలు లెక్కేయకండి. టాక్స్ లాభం మీద కాదు, బిల్లుల మీద నడుస్తుంది.

ఇప్పుడు 27,000 ఎలా కట్టాలో చూద్దాం, ఎందుకంటే ఇక్కడ కూడా పొరపాటు జరిగే చోటు ఒకటుంది. అమ్మకాలన్నీ మన రాష్ట్రంలోనే కాబట్టి మీరు కట్టాల్సింది సీజీఎస్టీ 36,000, ఎస్‌జీఎస్టీ 36,000. ముందుగా ఐజీఎస్టీ క్రెడిట్ 18,000 పూర్తిగా వాడేయాలి, ఆ తర్వాతే మిగతా రెండింటినీ ముట్టుకోవాలి. ఐజీఎస్టీని ఈ రెండు ఖాతాల్లో ఎటైనా, ఎంతైనా పంచుకోవచ్చు. కానీ సీజీఎస్టీ క్రెడిట్‌తో ఎస్‌జీఎస్టీ కట్టలేం, ఎస్‌జీఎస్టీతో సీజీఎస్టీ కట్టలేం. ఐజీఎస్టీని తొమ్మిదివేల చొప్పున పంచితే రెండు వైపులా 27,000 మిగులుతుంది. అందులో 13,500 సొంత క్రెడిట్ పోతే నగదుగా 13,500 చొప్పున, మొత్తం 27,000.

ఈ నెల ఎలా పంచినా మొత్తం మారదు. అమ్మకాలు తగ్గిన నెలలో మాత్రం మారుతుంది. ఉదాహరణకు క్రెడిట్లు ఇవే ఉండి, అమ్మకాల టాక్స్ ఒక్కో వైపు 20,000 మాత్రమే ఉందనుకోండి. ఐజీఎస్టీ 18,000 మొత్తాన్నీ సీజీఎస్టీ వైపు తోసేస్తే, అక్కడ సొంత క్రెడిట్‌లోంచి 2,000 మాత్రమే ఖర్చవుతుంది, 11,500 వాడకుండా ఇరుక్కుపోతుంది. అవతల ఎస్‌జీఎస్టీకి 13,500 పోగా 6,500 నగదు కట్టాలి. అదే తొమ్మిదివేల చొప్పున పంచితే ఒక్క పైసా నగదు అక్కర్లేదు, పైగా రెండు వైపులా 2,500 చొప్పున మిగులుతుంది. పోర్టల్ ఒక పంపకాన్ని తనే నింపి చూపిస్తుంది, దాన్ని మార్చుకోవచ్చు. సబ్‌మిట్ చేసేముందు ఒకవైపు క్రెడిట్ మిగిలిపోయి, ఇంకోవైపు నగదు అడుగుతోందా అని చూడమని మీ అకౌంటెంట్‌ను అడగండి. అలా కనిపించిందంటే పంపకం తేడాగా ఉందని అర్థం.

"9,000 కట్టేసి చూద్దాం, ఎవరు పట్టుకుంటారు" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2Bలో ఉన్నదానికీ మీరు 3Bలో తీసుకున్నదానికీ తేడా పోర్టల్‌లోనే కనిపిస్తుంది, నోటీసు రావచ్చు. తప్పుగా వాడుకున్న క్రెడిట్‌మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. మీ 18,000 మీద నెలకు 270. చూడ్డానికి చిన్నదే, కానీ పెనాల్టీ అదనం, జవాబులు రాసుకునే శ్రమ అదనం. నిజంగా చేతిలో డబ్బు లేకపోతే, సరైన లెక్కతోనే ఉండి రిటర్ను కొన్ని రోజులు ఆలస్యంగా వేయడం తక్కువ నష్టం. ఆలస్యానికి రోజుకు 50 రూపాయలు, నగదుగా కట్టాల్సిన దానిమీద అదే 18 శాతం వడ్డీ. 27,000 మీద పది రోజులకు వడ్డీ 133 రూపాయలు, ఆలస్య రుసుము 500. ఇది చేయమని చెప్పడం లేదు. తప్పు లెక్కతో టైముకు వేయడంకంటే ఇది మేలని మాత్రం చెబుతున్నాను.

మీ దగ్గర ఇంకో రెండు రోజులుంటే చేయాల్సినవి ఇవి. 27,000 సర్దుకుని 20లోగా కట్టేయండి. హోల్‌సేలర్‌కు బిల్లు నంబర్, తారీఖు, మీ జీఎస్టీ నంబర్ వాట్సాప్‌లో పంపి, ఎప్పుడు ఎక్కిస్తాడో రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఆ బిల్లు క్రెడిట్‌కు ఆఖరి గడువు చాలా దూరంలోనే ఉంది, ఈ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30. అంతవరకూ ఆగమని మాత్రం కాదు, మర్చిపోతారు. ఇంట్లో క్యాలెండర్‌మీద ప్రతి నెల 14ను గుండ్రంగా చుట్టండి, ఆ సాయంత్రం 2B తెరిచి మీ బిల్లుల కట్టతో ఒక్కో నంబర్ పక్కన టిక్కు పెట్టండి. టిక్కు పడని బిల్లుకు మర్నాడే ఫోన్ కొట్టండి.

కంప్యూటర్ షాపుకు మాత్రం రేపే వెళ్లండి. ఫోన్‌లో అడిగితే రేపూ ఎల్లుండీ అంటారు. ఒరిజినల్ బిల్లు, మీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జిరాక్స్ పట్టుకెళ్లి, పాత బిల్లు రద్దు చేసి దుకాణం పేరుతో, నంబర్‌తో కొత్తది రాసిమ్మని అడగండి. ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల చేతిలో పని. నెల పాతబడేకొద్దీ ఒప్పుకోవడం కష్టమవుతుంది. కొత్త బిల్లు ఇస్తే అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి, మీ నంబర్‌లోని పదిహేను అక్షరాలూ సరిగ్గా పడ్డాయో లేదో ఒకటికి రెండుసార్లు చదువుకుని రండి.